ఆరు వందల ఫోటోలు, ఒకే ముఖం: ఫేస్ స్వాప్ స్క్రిప్టు ఎక్కడ ఫెయిలైందో పట్టుకోవడం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి స్క్రీన్ మీద కోడ్ కనిపిస్తోందా? కోడ్ తక్కువే ఉంటుంది లెండి, కనిపించకపోయినా నేను చదివి చెప్తాను.

ముందు పని ఏంటో చెప్తాను. పోచంపల్లి వైపు ఊళ్లలో చేనేత కార్మికులు మగ్గం మీద కూర్చునే తీరు మీద ఒక పరిశోధన బృందం పని చేసింది, వాళ్ల ఫోటోల్లో ముఖాలు మార్చే పని మేం చేశాం. గుంట మగ్గంలో కూర్చుని గంటల తరబడి మెడ వంచి నేసేవాళ్లకి మెడ, నడుము ఏ కోణంలో ఉంటున్నాయి, ఆసు పోసే ఆడవాళ్ల భుజం రోజంతా ఎలా కదులుతోంది, ఇలాంటివి ఫోటోల నుంచి కొలవాలని వాళ్ల ఉద్దేశం. ఫోటోలు ఆరు వందలకి కాస్త పైనే. వాటిని మిగతా పరిశోధకులకి కూడా ఇవ్వాలి, కానీ ఫోటోలు తీసుకునేటప్పుడు ఆ కార్మికులకి ఇచ్చిన మాట ఏంటంటే, మీ ముఖం బయటికి రాదు అని. సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది అదే.

బ్లర్ చేస్తే పోలేదా అని మీరు అడుగుతారు. మామూలుగా అయితే పోయేదే. కానీ ఇక్కడ కొలిచేదే తల కోణం. పోజ్ గుర్తించే మోడల్స్ ఎక్కువగా వాడే పదిహేడు బిందువుల లెక్కలో ఐదు ముఖం మీదే ఉంటాయి: ముక్కు, రెండు కళ్లు, రెండు చెవులు. ముఖాన్ని మసక చేశారంటే ఆ బిందువులు ఎక్కడెక్కడికో పోతాయి, తల ఎటు వంగిందో చెప్పలేం. అందుకని మసక బదులు అందరికీ ఒకే ముఖం పెడదాం అనుకున్నారు. బృందంలోనే ఒకామె నా ముఖం వాడుకోండి అని రాసి ఇచ్చింది, ఒక షరతు పెట్టి: బయటికి వెళ్లే ప్రతి ఫోటో ముందు తను చూడాలి. చాలా సబబైన షరతు. తన ముఖం వందల ఒంటి మీద ఊళ్లు తిరుగుతుంది కదా. మీరు ఇలాంటి పని చేస్తే రెండు వైపులా అనుమతి కావాలి, ఎవరి ముఖం తీసేస్తున్నామో వాళ్లది, ఎవరి ముఖం పెడుతున్నామో వాళ్లది. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే ఆ పని మొదలుపెట్టకండి.

ఇక స్వాప్. ఇది నిజంగా పదీ పదిహేను లైన్ల పని. ఇన్‌సైట్‌ఫేస్ లైబ్రరీ, దాంట్లో ముఖాలు వెతకడానికి `buffalo_l` మోడల్ ప్యాక్, మార్చడానికి `inswapper_128.onnx`. ఒక్క ముక్క ఇక్కడే చెప్పేస్తాను. ఆ లైబ్రరీ కోడ్ ఎంఐటీ లైసెన్స్ కిందే ఉన్నా, వాళ్లు ఇచ్చే మోడల్ ఫైళ్లు మాత్రం వ్యాపారేతర పరిశోధనకే. మాది పరిశోధన కాబట్టి సరిపోయింది. చీరల కేటలాగ్‌లో మోడల్ ముఖం మార్చేద్దామని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, విడిగా కమర్షియల్ లైసెన్స్ తీసుకోవాలి, లేదా వేరే మోడల్ చూసుకోవాలి.

```python
app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))
swapper = get_model("inswapper_128.onnx")

src_faces = app.get(cv2.imread("source.jpg"))
assert len(src_faces) == 1
src = src_faces[0]

out = img.copy()
for f in app.get(img):
    out = swapper.get(out, f, src, paste_back=True)
```

ఆ `assert` లైను ఊరికే పెట్టలేదు. ఇవ్వాల్సిన ముఖం ఉన్న ఫోటోలో వెనకాల ఇంకెవరో నిలబడి ఉంటే, లిస్టులో మొదటిది ఎవరిదో మీకు తెలియదు. మొత్తం ఆరు వందల ఫోటోలకీ ఆ వెనకాల మనిషి ముఖం అంటుకుంటుంది.

లూప్ లోపల ఆ `out` చూడండి. స్వాప్‌కి ప్రతిసారీ `out` ఇస్తున్నాం, `img` కాదు. అక్కడ `img` అని రాస్తే ఫోటోలో నలుగురు ఉన్నప్పుడు ప్రతి చుట్టులోనూ అసలు ఫోటో నుంచే మళ్లీ మొదలవుతుంది, చివరికి నాలుగో మనిషి ముఖం ఒక్కటే మారుతుంది, మిగతా ముగ్గురి ముఖాలు అలాగే ఉంటాయి. ఎర్రర్ రాదు. లాగ్‌లో నాలుగు స్వాప్‌లు అయ్యాయనే పడుతుంది. పరీక్ష కోసం ఒక్కరే ఉన్న ఫోటోతో చూసుకుంటే అంతా బాగానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు చాలా స్క్రిప్టుల్లో చాలాకాలం దాక్కుంటుంది.

ఈ పనిలో అసలు చిక్కు ఇదే. స్క్రిప్టు పడిపోవడం పెద్ద సమస్య కాదు, పడిపోతే కనపడుతుంది. ఏమీ చేయకుండా, చేసినట్టు ముందుకు పోవడం సమస్య. లూప్ మళ్లీ చూడండి. ముఖం ఒక్కటి కూడా దొరకలేదనుకోండి, `for` ఒక్కసారి కూడా తిరగదు, `out` అంటే అసలు ఫోటో కాపీ, దాన్నే తీసుకెళ్లి రిజల్ట్ ఫోల్డర్‌లో పెడుతుంది. అంటే ముఖం దాచిన ఫోటోలు అని పేరున్న ఫోల్డర్‌లో ముఖం దాచని ఫోటో. సినిమా వాళ్లకో, సరదాగా చేసేవాళ్లకో అయితే ఒక ఫోటో మిస్సయింది అంతే, మాకు అది మాట తప్పడం.

కాబట్టి మొదటి నియమం: ముఖం దొరకని ఫోటో రిజల్ట్ ఫోల్డర్‌లోకి పోకూడదు. పక్కన `review` అని వేరే ఫోల్డర్‌లోకి పోవాలి. ఏ ఫోటోకైనా మూడే దారులు ఉండాలి, మారింది, మనిషి చూడాలి, చదవలేకపోయాం. మూడింటి లెక్క కూడితే మొదటి లెక్కకి సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో ఫోటోలు మాయమయ్యాయన్నమాట.

మాయమవుతాయా అంటే, అవుతాయి. రెండు కెమెరాలతో తీశారనుకోండి, రెండింట్లోనూ `IMG_0412.JPG` ఉంటుంది. మీరు అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి రాస్తే రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది. అందుకే రిజల్ట్‌లో కూడా అదే ఫోల్డర్ల నిర్మాణం ఉంచండి. ఇంకోటి, ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలేది: ఫోల్డర్‌కి తెలుగులో ఊరి పేరో, మనిషి పేరో పెట్టి విండోస్‌లో `cv2.imread` కి ఇస్తే చాలాసార్లు చదవలేదు. ఎర్రర్ ఇచ్చి ఆగదు కూడా, `None` ఇచ్చి ఊరుకుంటుంది. దానికి మందు ఇది:

```python
buf = np.fromfile(path, dtype=np.uint8)
img = cv2.imdecode(buf, cv2.IMREAD_COLOR)
if img is None:
    log(path, "unreadable")
    continue
```

రాసేటప్పుడూ అంతే, `cv2.imwrite` ఫెయిలైతే చాలా సందర్భాల్లో `False` ఇచ్చి ఊరుకుంటుంది, ఆ విలువ ఎవరూ చూడరు. చూడండి.

సరే, ఇక ముఖం దొరకకపోవడం సంగతి. మగ్గం ఫోటోల్లో ఇది ఎందుకు ఎక్కువంటే, మనిషి తల వంచి పోగుల వైపు చూస్తుంటాడు. కెమెరా పైనుంచి, లేదా పక్కనుంచి ఉంటుంది. కనిపించేది నుదురు, ముక్కు దూలం, కాస్త చెంప. ముఖం వెతికే మోడల్ ప్రతి ముఖానికీ ఒక స్కోరు ఇస్తుంది, మామూలుగా 0.5 కన్నా తక్కువైతే వదిలేస్తుంది. వంచిన ముఖాలకి ఆ స్కోరు 0.3, 0.4 దగ్గర ఆడుతుంది. మనం `det_thresh` తగ్గిస్తే అవి దొరుకుతాయి, వాటితో పాటు కండెల బుట్ట, గోడ మీద మరక కూడా ముఖాలై కూర్చుంటాయి. ముఖం దాచే పనిలో నేను తగ్గించే వైపే ఉంటాను. మరక మీద ముఖం పడితే నవ్వుకుని తీసేయొచ్చు, వదిలేసిన ముఖాన్ని మాత్రం బయటికి పోయాక వెనక్కి తెచ్చుకోలేం.

సైజు సంగతి కూడా ఉంది. ఆ `det_size=(640, 640)` అంటే మీ ఫోటో ఎంత పెద్దదైనా ముందు 640 పిక్సెళ్ల చదరంలోకి కుదించి అందులో వెతుకుతుంది. నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు ఫోటోలో దూరంగా గుమ్మంలో నిలబడ్డ పిల్లవాడి ముఖం వంద పిక్సెళ్లు ఉందనుకోండి, కుదించాక పదహారు అవుతుంది. దొరకడం కష్టం. 1280 పెడితే ముప్పై రెండు అవుతుంది, దొరికే అవకాశం ఉంది. అయితే 1280 పెట్టేసి కూర్చుంటే సరిపోదు, ముఖం ఫ్రేమ్ నిండా ఉన్న దగ్గరి ఫోటోల్లో ఇది తిరగబడుతుంది. మరీ పెద్ద ముఖాన్ని ఈ మోడల్ చాలాసార్లు ముఖంగా గుర్తించదు, సైజు తగ్గించో, చుట్టూ ఖాళీ అంచు కట్టో ఇస్తేనే దొరుకుతుంది. అందుకని రెండు సైజుల్లోనూ వెతికి దొరికినవన్నీ కలిపి, ఒకదాని మీద ఒకటి పడ్డవాటిని ఒకటిగా చేసుకోవడం మంచిది. నేలమీద పడుకున్నవాళ్లుంటే ఫోటోని తొంభై డిగ్రీలు తిప్పి కూడా ఒకసారి వెతకాలి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. వెతికే మోడల్‌కి కనిపించని ముఖం ఉందని మనకి ఎలా తెలుస్తుంది? స్వాప్ అయ్యాక అదే మోడల్‌తో మళ్లీ చెక్ చేసి, ఎక్కడా పాత ముఖం లేదు అని తేల్చే స్క్రిప్టులు చాలా చూశాను. మొదట కనిపించనిది రెండోసారి మాత్రం ఎలా కనిపిస్తుంది? పరీక్ష రాసిన పిల్లవాడి చేతికే పేపర్ ఇచ్చి దిద్దుకోమన్నట్టు. చెక్ చేసేది వేరే కన్ను కావాలి.

మాకు సులువుగా దొరికిన వేరే కన్ను ఏంటంటే, ఎలాగూ పోజ్ కోసం మనుషుల్ని గుర్తించే మోడల్ నడుపుతున్నాం. అది ముఖం బట్టి కాదు, మొత్తం ఒళ్లు బట్టి మనిషిని పట్టుకుంటుంది. ఫోటోలో ఎంతమంది మనుషులు, ఎన్ని ముఖాలు మార్చాం, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మనుషులు ముగ్గురు, మార్చిన ముఖాలు రెండు అని వస్తే అది మనిషి చూడాల్సిన ఫోటో. చాలావరకు మూడో మనిషి వీపు చూపిస్తూ ఉంటాడు, ఏ సమస్యా ఉండదు. కొన్నిట్లో మాత్రం మగ్గం కర్ర వెనక సగం ముఖం కనిపిస్తూ ఉంటుంది, దానికోసమే ఈ పాట్లన్నీ.

అంకెలు అటు తిరగబడ్డ ఫోటోలు కూడా వస్తాయి, అంటే మనుషుల కన్నా ముఖాలు ఎక్కువ. మన ఇళ్లలో ఇది ఎందుకు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు, గోడ నిండా ఫోటోలే కదా. క్యాలెండర్ మీద లక్ష్మీదేవి, దండ వేసిన తాతగారి ఫోటో, బీరువా అద్దంలో నేసేవాడి ప్రతిబింబం. స్క్రిప్టుకి ఇవన్నీ ముఖాలే. లక్ష్మీదేవికి తన ముఖం పడ్డ ఫోటో చూసి, మనకి ముఖం ఇచ్చిన ఆమె దండం పెట్టి, దీన్ని మాత్రం బయటికి పంపొద్దంది. కానీ ఆలోచించండి, దేవుడి పటం వదిలేయొచ్చు, అద్దంలో ప్రతిబింబం మార్చి తీరాలి, తాతగారి ఫోటో కూడా దాచాలి, ఎందుకంటే ఆ ఫోటో చూస్తే ఊళ్లో ఎవరైనా ఇది ఫలానా వాళ్ల ఇల్లు అని చెప్పేస్తారు. ఈ తేడా స్క్రిప్టుకి తెలియదు. అందుకే వెతకడం, మార్చడం ఒకే లూప్‌లో పెట్టకుండా రెండు విడతలు చేశాం. మొదటి విడత ప్రతి ముఖం ఎక్కడుంది, స్కోరెంత అని సీఎస్‌వీ ఫైల్లో రాస్తుంది. మనిషి దాంట్లో అనుమానం ఉన్న వరుసలకి మార్చు, వదిలేయ్, మసక చెయ్ అని గుర్తు పెడతాడు. రెండో విడత ఆ ఫైలు చదివి పని చేస్తుంది. రెండో లాభం కూడా ఉంది, మధ్యలో కరెంటు పోతే ఎక్కడిదాకా అయిందో ఆ ఫైలే చెప్తుంది.

ఇప్పుడు ముఖం దొరికింది, మార్చాం. సరిగ్గా మారిందా? ఇక్కడ అందరూ వాడే కొలత, ముఖాన్ని అంకెల వరుసగా మార్చి రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడటం. ఇన్‌సైట్‌ఫేస్‌లో ఒక్కో ముఖానికి 512 అంకెలు. ఇద్దరూ ఒకే మనిషైతే ఈ పోలిక 1 వైపు పోతుంది, వేరేవాళ్లైతే 0 దగ్గర ఉంటుంది.

కానీ ఇక్కడా అదే జాగ్రత్త. మనం పెడుతున్న ముఖం ఎవరిదో ఇన్‌స్వాపర్‌కి చెప్పేది కూడా అదే 512 అంకెల వరుస. ఆ వరుసకి తగ్గట్టు ముఖం గీయడమే దాని పని. మళ్లీ అదే వరుసతో మార్కులు వేస్తే మార్కులు బాగా వస్తాయి, కంటికి చూస్తే అంత బాగోదు. అందుకని చెక్ చేయడానికి ఓపెన్‌సీవీతో నడిచే యూనెట్, ఎస్‌ఫేస్ జోడీ వాడాం. యూనెట్ ముఖం వెతుకుతుంది, ఎస్‌ఫేస్ పోలుస్తుంది. రెండూ చిన్న మోడల్సే, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. ఎస్‌ఫేస్‌కి ఓపెన్‌సీవీ ఉదాహరణల్లో ఇచ్చిన గీత 0.363, అది దాటితే ఒకే మనిషి అని లెక్క.

ఒక్కో ముఖానికీ రెండు పోలికలు తీయాలి. మారిన ముఖానికీ అదే చోట ఉన్న పాత ముఖానికీ ఎంత పోలిక, మారిన ముఖానికీ మనం పెట్టిన ముఖానికీ ఎంత పోలిక. చాలామంది రెండోదే చూస్తారు. ముఖం దాచే పనిలో మొదటిదే ప్రాణం.

```python
to_old = rec.match(f_out, f_old, cv2.FaceRecognizerSF_FR_COSINE)
to_src = rec.match(f_out, f_src, cv2.FaceRecognizerSF_FR_COSINE)
```

నాలుగు రకాలుగా పడతాయి. పాతదానికి దూరం, కొత్తదానికి దగ్గర అంటే పాస్. పాతదానికి పోలిక దాదాపు 1 వచ్చిందంటే ముఖం మారనే లేదు, పిక్సెళ్లు అవే. రెండింటికీ దూరం అంటే ముఖం చెడిపోయింది, కన్ను చెంప మీదికి వచ్చి ఉంటుంది, దాచడం వరకు పని అయింది గానీ పోజ్ కొలవడానికి పనికిరాదు. రెండింటికీ దగ్గర అని వస్తే మాత్రం గాభరా పడకుండా, పాత ముఖానికీ పెట్టిన ముఖానికీ నేరుగా ఎంత పోలిక ఉందో చూడండి, కొందరు నిజంగానే పోలికల్లో దగ్గరగా ఉంటారు. అలాంటివాళ్లకి ఈ పద్ధతి సరిపోదు, మసక చేయడమే.

వీటన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి మధ్యలో పడేవి. పాతదానికి పోలిక 0.3 వచ్చిందనుకోండి, గీత 0.363 కన్నా తక్కువే కదా, పాస్ అనేస్తామా? ఆ గీత ఎక్కువగా కెమెరా వైపు చూస్తున్న ముఖాల మీద పెట్టింది. పక్కకి తిరిగిన ముఖాల్లో, చీకట్లో తీసిన ముఖాల్లో ఒకే మనిషి రెండు ఫోటోలకి కూడా పోలిక పడిపోతుంది. కాబట్టి మారిన పక్క ముఖానికి 0.3 అంటే దవడ, చెవి, నుదుటి అంచు ఇంకా పాత మనిషివే ఉండి ఉండొచ్చు. ఇన్‌స్వాపర్ మార్చేది ముఖం మధ్య భాగాన్నే అని గుర్తుంచుకోండి. జుట్టు, చెవులు, మెడ, తల ఆకారం దాదాపుగా అలాగే ఉంటాయి. మేము 0.25 పైన వచ్చినవన్నీ మనిషి చూసే గుట్టలో వేశాం. ఆ 0.25 ఏ పుస్తకంలోనూ లేదు, మా ఫోటోలు కొన్ని చూసి పెట్టుకున్నది. మీ ఫోటోలకి మీరు చూసి పెట్టుకోండి.

ఒక ఫోటో మొదటినుంచి చివరిదాకా చెప్తాను, అర్థమవుతుంది. ఆసు పోస్తున్న ఒకామె. ముఖం పక్కకి తిరిగి, కుడి చేయి ముఖం ముందు నుంచి పోతోంది, ముంజేయి ముక్కు కింద నుంచి నోటిని కప్పేసింది. మొదటి విడతలో ముఖం దొరికింది, స్కోరు 0.6 పైన, అంటే మామూలు గీత ప్రకారం ఏ అనుమానం లేదు. ముఖం మార్చాం. మనుషులు ఒకరు, ముఖం ఒకటి, లెక్క సరిపోయింది. పాతదానికి పోలిక తక్కువ, కొత్తదానికి కూడా గీత కన్నా తక్కువ. రెండూ తక్కువ కాబట్టి చూసే గుట్టలోకి వచ్చింది. తెరిచి చూస్తే ముంజేయి మధ్యలో నోరు ఉంది. పెదాలు, పళ్లు, అన్నీ చేతి చర్మం మీద. ముఖం ముందు ఏదైనా అడ్డం ఉంటే అది అడ్డం అని ఈ మోడల్ లెక్కలోకి తీసుకోదు, ముఖం ఉండాల్సిన చోట ముఖం గీసేస్తుంది. చేయి, కళ్లద్దాల అంచు, ముక్కుపుడక, ముఖం ముందు సాగే పోగులు, అన్నిటికీ ఇదే గతి. ఇలాంటి ఫోటోకి ఏం చేయాలంటే, అడ్డం ఉన్న వస్తువు వరకు ఒక మాస్క్ గీసి ఆ భాగంలో అసలు పిక్సెళ్లు తిరిగి పెట్టేయాలి. మాస్క్ గీసే మోడల్స్ ఉన్నాయి, మాకున్నవి కొద్ది ఫోటోలే కాబట్టి చేత్తోనే గీశాం. మాస్క్ పెట్టాక పోలిక మళ్లీ తీయాలి, ఎందుకంటే అసలు పిక్సెళ్లు తిరిగి పెడుతున్నామంటే పాత ముఖాన్ని కొంత తిరిగి తెస్తున్నామేమో అని అనుమానం ఉండాలి.

పక్కకి తిరిగిన ముఖాల కోసం ఇంకో చవకైన గుర్తు ఉంది. ముఖం దొరికినప్పుడు `kps` అని ఐదు బిందువులు ఇస్తుంది, రెండు కళ్లు, ముక్కు, నోటి రెండు కొసలు. పూర్తిగా పక్కకి తిరిగితే రెండు కళ్ల బిందువులు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. ముఖాన్ని నిలువుగా సర్దేది ఆ ఐదు బిందువులతోనే కాబట్టి అవి కలిసిపోయినప్పుడు సర్దడం వంకరపోతుంది, స్వాప్ చెడిపోతుంది. కళ్ల మధ్య దూరాన్ని ముఖం ఎత్తుతో భాగించి, బాగా చిన్నగా వచ్చినవి స్వాప్ చేయకముందే పక్కన పెట్టుకోవచ్చు.

అన్నట్టు, `inswapper_128` లో 128 అంటే అది గీసే ముఖం 128 పిక్సెళ్ల చదరం. ఫోటోలో ముఖం ఆరు వందల పిక్సెళ్లు ఉంటే దాన్ని సాగదీసి అతికిస్తుంది, చుట్టూ చర్మం స్పష్టంగా, ముఖం మెత్తగా కనిపిస్తుంది. దాన్ని పదును చేయడానికి జీఎఫ్‌పీగాన్ లాంటివి పెడతారు. మేము పెట్టలేదు. అది ముఖాన్ని మళ్లీ గీస్తుంది, కళ్ల తీరు కొద్దిగా మారుతుంది, మాకు కావాల్సింది అందం కాదు, ముక్కు కొన ఎక్కడుందన్నది. దాని కోసమే చివర్లో పోజ్ మోడల్‌ని అసలు ఫోటో మీద, మారిన ఫోటో మీద రెండుసార్లు నడిపి ముక్కు, కళ్ల బిందువులు ఎంత జరిగాయో చూశాం. ఎక్కువ జరిగినవి కొలతల లెక్కలోంచి తీసేశాం.

ఇక కళ్లతో చూడటం. స్కోర్లు వచ్చాయి కదా, కొన్ని శాంపిల్ చూస్తే చాలదా అని ఎవరో ఒకరు అడుగుతారు. చిన్న లెక్క చేద్దాం. ఎలాగంటే అలాగ వంద ఫోటోలు తీసి చూశారు, ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు. సంతోషమే. కానీ గణాంకాల్లో మూడు సూత్రం అని ఒకటుంది, n చూసి సున్నా దొరికితే అసలు ఫెయిల్ రేటు 3/n దాకా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో అంతకన్నా గట్టిగా చెప్పలేం. వందకి మూడు శాతం. ఆరు వందల ఫోటోల్లో పద్దెనిమిది. పద్దెనిమిది మంది ముఖాలు బయటపడే అవకాశం ఉందని తెలిసి శాంపిల్‌తో సరిపెట్టుకుంటారా? మార్కెటింగ్ ఫోటోలకైతే సరిపెట్టుకోండి. మాకు కుదరదు.

పైగా ఆరు వందలు అంటే భయపడేంత ఏమీ కాదు. అసలు ముఖం, మారిన ముఖం పక్కపక్కన పెట్టి, పన్నెండు జతలు ఒక పేజీలో వచ్చేలా షీట్లు తయారు చేస్తే ఆరు వందల జతలకి యాభై షీట్లు. పాతదానికి పోలిక ఎక్కువ ఉన్నవి ముందు వచ్చేలా వరస పెట్టాం, అలా పెడితే కన్ను తాజాగా ఉన్నప్పుడే కష్టమైనవి అయిపోతాయి. ముఖాలు మాత్రమే కత్తిరించి చూస్తే దొరకని ముఖాలు షీట్‌లోకే రావు కాబట్టి, మొత్తం ఫోటోలతో ఇంకోసారి చూడాలి, మార్చిన చోట్ల ఆకుపచ్చ పెట్టె గీసి. పెట్టె లేని ముఖం కోసమే వెతకాలి. ఈ రెండో చూపు వేరే మనిషితో చేయిస్తే మేలు, స్క్రిప్టు రాసినవాడికి తన ఫోటోల్లో తప్పులు కనిపించవు. మా దగ్గర ముఖం ఇచ్చిన ఆమే ఈ పని చేసింది, షరతు ప్రకారం ఎలాగూ చూడాలి కదా. అంకెలన్నీ పాస్ అన్న ఒక ఫోటోలో స్టీలు బిందె మీద వంకరగా పడ్డ ముఖాన్ని ఆమే పట్టుకుంది.

అన్నీ అయ్యాక ఒకసారి ఫైలు లోపల చూడండి. ఓపెన్‌సీవీతో రాసిన జేపెగ్‌లోకి పాత ఎగ్జిఫ్ సమాచారం రాదు, జీపీఎస్ పోతుంది, అది మనకి మంచిదే. కానీ ఎవరో ఒకరు ఫోటో తీసిన తేదీ కావాలంటారు, మీరు అసలు ఫైలు నుంచి ఎగ్జిఫ్ మొత్తం తెచ్చి అతికిస్తారు. కెమెరాలు ఆ ఎగ్జిఫ్‌లోనే చిన్న థంబ్‌నెయిల్ బొమ్మ కూడా పెడతాయి. అసలు ముఖంతో. పైన ఫోటోలో ముఖం మారింది, లోపల చిన్న బొమ్మలో పాతదే కూర్చుంది. తేదీ కావాలంటే తేదీ ఒక్కటే తీసి సీఎస్‌వీలో పెట్టండి.

ముఖం మారితే మనిషి దాగిపోడు అన్నది కూడా ఆ బృందానికి రాసి ఇచ్చాం. చేతి మీద పచ్చబొట్టు, గోడ మీద ఇంటి పేరు, సంఘం కార్డు, మగ్గం మీద సగం నేసిన డిజైన్, ఊళ్లోవాళ్లకి ఇవి చాలు. వాటికి ఫేస్ స్వాప్ ఏమీ చేయదు, వాటిని విడిగా వెతికి మసక చేశాం. ఊరి పేర్లు ఫైలు పేర్లలోంచి తీసేసి వరుస అంకెలు పెట్టాం. ఏ అంకె ఏ అసలు ఫోటోదో చెప్పే సీఎస్‌వీ అసలు ఫోటోలతో పాటు తాళం వేసిన డిస్క్‌లో ఉంది, విడుదల చేసిన జిప్‌లో లేదు. జిప్ బయటికి ఇచ్చేముందు దాన్ని ఖాళీ ఫోల్డర్‌లో విప్పి, యూనెట్, ఎస్‌ఫేస్‌లని దాని మీద చివరిసారి నడిపి, దొరికిన ప్రతి ముఖాన్నీ అసలు ఫోటోల్లోని ముఖాలన్నిటితో పోల్చి చూశాం, ఎందుకంటే చెక్ చేసిన ఫోల్డర్ ఒకటి, జిప్ కట్టిన ఫోల్డర్ ఇంకోటి అవడం కొత్తేమీ కాదు.

ప్రశ్నలుంటే అడగండి. కేటలాగ్ వాళ్లెవరైనా ఉంటే లైసెన్స్ సంగతి మళ్లీ చెప్తాను.